బ్రాంచీలు ఎన్నున్నా భాగహారం ఒక్కటే

ఇన్వర్టర్‌కి ఒక పాత బ్యాటరీ ఉంది. బ్యాకప్ చాలడం లేదని పక్కన కొత్తది ఒకటి పెట్టి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపారు. కొత్తది 12.8 వోల్టులు చూపిస్తోంది, పాతది 12.0. రెండూ కలిపాక టెర్మినళ్ల మీద మీటర్ పెడితే ఎంత చూపిస్తుంది? సగటు తీసి 12.4 అనేవాళ్లున్నారు. ఎక్కువున్నదే గెలుస్తుంది కాబట్టి 12.8 అనేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. అసలు సమాధానం ఒక్క గుణకారాల వరస, ఒక్క భాగహారంలో వచ్చేస్తుంది.

ఈ అడ్డదారికి మిల్‌మన్ సిద్ధాంతం అని పేరు. జేకబ్ మిల్‌మన్ 1940లో ప్రొసీడింగ్స్ ఆఫ్ ది ఐఆర్ఈ పత్రికలో ఒక చిన్న వ్యాసంగా దీన్ని అచ్చు వేయించాడు. మన ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగిన ‘మిల్‌మన్ హల్కియాస్’ ఎలక్ట్రానిక్స్ పుస్తకంలో మొదటి పేరు ఈయనదే. పాలిటెక్నిక్‌లోనూ, బీటెక్ మొదటి సంవత్సరంలోనూ ఈ సిద్ధాంతం చెబుతారు. అయితే చాలామందికి థెవెనిన్, నార్టన్, సూపర్‌పొజిషన్ అయ్యాక సిలబస్ చివర్లో హడావిడిగా చదివిన సూత్రంగానే అది మిగిలిపోతుంది. నిజానికి వాటన్నిటికంటే చేతిలో తొందరగా ఆడేది ఇదే.

ముందు ఏ బొమ్మకి ఇది పనికొస్తుందో చూడండి. పైన ఒక గీత, కింద ఒక గీత. కింది గీతని సున్నా వోల్టులు అనుకుందాం. ఆ రెంటి మధ్య నిచ్చెన మెట్లలా బ్రాంచీలు. ఒక్కో బ్రాంచీలో ఒక వోల్టేజ్ సోర్సు, దానితో సిరీస్‌లో ఒక రెసిస్టెన్సు. పై గీత వోల్టేజ్ V ఎంత అన్నదే మనకు కావలసింది.

ఒక బ్రాంచీలో సోర్సు E, రెసిస్టెన్సు R అయితే, ఆ బ్రాంచీ నుంచి పై గీతకి వచ్చే కరెంటు (E − V)/R. అన్ని బ్రాంచీల కరెంట్లూ కలిపితే సున్నా రావాలి, ఎందుకంటే గీతలో కరెంటు నిలవ ఉండదు. R తో భాగించే బదులు G = 1/R అనే కండక్టెన్సుతో గుణిస్తూ రాసి, V ఉన్నవన్నీ ఒక వైపుకి తెస్తే మిగిలేది ఇది:

V = (E1·G1 + E2·G2 + E3·G3 + …) / (G1 + G2 + G3 + …)

సిద్ధాంతం మొత్తం ఇంతే. కిర్కాఫ్ కరెంటు నియమాన్నే ఒకసారి సర్ది రాశాం. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు, ఎందుకంటే ఇదే లెక్క మీరు ప్రతి సెమిస్టర్‌కీ చేస్తూనే ఉన్నారు. ఎస్‌జీపీఏ ఎలా కడతారు? ఒక్కో సబ్జెక్టు గ్రేడ్ పాయింటుని దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తారు. ఇక్కడ గ్రేడ్ పాయింటు సోర్సు వోల్టేజ్, క్రెడిట్లు కండక్టెన్సు. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు సగటుని తనవైపు గట్టిగా లాగినట్టే, తక్కువ రెసిస్టెన్సు ఉన్న బ్రాంచీ నోడ్ వోల్టేజ్‌ని తనవైపు లాగుతుంది. సోర్సు లేకుండా ఒట్టి రెసిస్టెన్సే ఉన్న బ్రాంచీ తప్పిన సబ్జెక్టు లాంటిది: పై వరసలో దాని వంతు సున్నా, కింది వరసలో మాత్రం దాని క్రెడిట్లు పడతాయి. ఎక్కువమంది తప్పుచేసేది ఈ ఒట్టి రెసిస్టెన్సు దగ్గరే. సోర్సు లేదు కదా అని దాన్ని బొత్తిగా వదిలేస్తారు.

ఇప్పుడు బ్యాటరీల దగ్గరికి వద్దాం. కొత్తదాని లోపలి రెసిస్టెన్సు 0.02 ఓమ్, పాతదానిది 0.05 ఓమ్ అనుకుందాం. బ్యాటరీ పాతబడేకొద్దీ లోపలి రెసిస్టెన్సు పెరుగుతుంది కాబట్టి ఈ తేడా సహజమే. లోడు 0.5 ఓమ్. కండక్టెన్సులు వరసగా 50, 20, 2 సీమెన్సులు. పై వరస: 12.8 × 50 = 640, 12.0 × 20 = 240, లోడు వంతు సున్నా, మొత్తం 880. కింది వరస: 72. భాగిస్తే 12.22 వోల్టులు.

చాలామంది ఇక్కడ పెన్ను దించేస్తారు, కానీ అసలు విషయం తర్వాతి అడుగులోనే బయటపడుతుంది. V తెలిసింది కదా, ఒక్కో బ్రాంచీ కరెంటు తీయండి. కొత్త బ్యాటరీ నుంచి (12.8 − 12.22) × 50, అంటే దాదాపు 28.9 ఆంపియర్లు. లోడుకి వెళ్లేది 24.4. పాత బ్యాటరీ నుంచి (12.0 − 12.22) × 20, అంటే మైనస్ 4.4. ఈ మైనస్ లెక్క తప్పువల్ల వచ్చింది కాదు. పాత బ్యాటరీ కరెంటు ఇవ్వడం లేదు, తీసుకుంటోంది. లోడు నడుస్తుండగానే కొత్తది లోడుని మోస్తూ, పక్కనున్న పాతదాన్ని కూడా చార్జ్ చేస్తోంది. బ్యాకప్ పెంచుదామని పెట్టిన జోడీలో ఒకటి రెండోదాన్ని తింటోందన్నమాట.

లోడు తీసేస్తే కింది వరస 70 అవుతుంది. 880/70, అంటే 12.57 వోల్టులు. లోడు ఏమీ లేకపోయినా కొత్తదాని నుంచి పాతదానికి 11.4 ఆంపియర్లు తిరుగుతూ ఉంటాయి. రెండూ ఒక మట్టానికి వచ్చేదాకా ఇది ఆగదు. వేరువేరు వయసుల బ్యాటరీలను పారలల్‌లో కలపొద్దని మెకానిక్‌లు చెప్పే మాట వెనక ఉన్న లెక్కల్లో ఇదొకటి.

మరి పాతది ఎప్పుడు సాయం పడుతుంది? V దాని సొంత 12.0 కంటే కిందికి దిగితేనే. 880/(70 + G) = 12 అని రాస్తే G = 3.33 వస్తుంది, అంటే లోడు 0.3 ఓమ్. ఆ లోడు తీసుకునేది 40 ఆంపియర్లు. సరిగ్గా అక్కడ పాత బ్యాటరీ చేతులు కట్టుకుని కూర్చుంటుంది, 40 మొత్తం కొత్తదే ఇస్తుంది. లోడు అంతకంటే పెరిగితేనే పాతది పనిలోకి దిగుతుంది. ఇదే సంగతి మెష్ సమీకరణాలతో రాబట్టాలంటే ఒక పేజీ పడుతుంది.

పరీక్ష హాల్లో పనికొచ్చే చిన్న కిటుకు ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. దశాంశాలు వేయకండి. కండక్టెన్సులన్నిటినీ ఒకే అంకెతో గుణించినా జవాబు మారదు కాబట్టి, రెసిస్టెన్సుల కసాగుతో గుణించి పూర్ణాంకాలు చేసుకోండి. 2 ఓమ్‌లతో 12 వోల్టుల సోర్సు, 4 ఓమ్‌లతో తలకిందులుగా పెట్టిన 6 వోల్టుల సోర్సు, ఒట్టి 8 ఓమ్‌లు ఇచ్చారనుకోండి. క్రెడిట్లు 4, 2, 1. పై వరస 48 − 12 + 0 = 36, కింది వరస 7. జవాబు 36/7, అంటే 5.14 వోల్టులు. క్యాలిక్యులేటర్ ముట్టుకునే పని లేదు. అయితే ఇలా గుణించిన క్రెడిట్లతో వచ్చే V మాత్రమే నిజం. బ్రాంచీ కరెంట్లు తీసేటప్పుడు మళ్లీ అసలు ఓమ్‌లకే వెళ్లాలి.

ఈ చిన్న లెక్కలోనే రెండు తప్పులకి చోటుంది. తలకిందుల సోర్సుకి మైనస్ మరిస్తే 60/7, అంటే 8.57 వస్తుంది. 8 ఓమ్‌లు వదిలేస్తే 36/6, అంటే 6 వస్తుంది. జవాబు ఎప్పుడూ సోర్సుల్లో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యే ఉండాలి (ఒట్టి రెసిస్టెన్సుని సున్నా వోల్టుల సోర్సుగా లెక్కేసుకోండి). ఎంతైనా ఇది సగటే కదా. ఆ హద్దు దాటిన జవాబు ఖాయంగా తప్పు. కానీ పై రెండు తప్పు జవాబులూ హద్దులోనే ఉన్నాయి చూశారా? అందుకే హద్దుతో సరిపెట్టుకోకుండా బ్రాంచీ కరెంట్లు కలిపి సున్నా వస్తుందో లేదో చూడాలి. కరెంట్లను సూత్రంలోంచి కాక బొమ్మలోంచి లెక్కపెడితే, వదిలేసిన 8 ఓమ్‌లు 0.75 ఆంపియర్ల తేడాగా బయటపడతాయి. మైనస్ తప్పు మాత్రం దీనికీ దొరకదు, ఎందుకంటే అదే తప్పు గుర్తు రెండుచోట్లా పడి కూడిక చక్కగా సున్నా అయిపోతుంది. దానికి మందు ఒకటే. లెక్క మొదలెట్టక ముందే ప్రతి సోర్సుకీ పై గీతవైపు ఉన్నది ప్లస్సా మైనస్సా బొమ్మ మీదే రాసుకోవాలి.

ఏదైనా బ్రాంచీలో వోల్టేజ్ సోర్సు బదులు కరెంటు సోర్సు ఉంటే, ఆ కరెంటుని నేరుగా పై వరసలో కలపండి. దానితో సిరీస్‌లో రెసిస్టెన్సు ఉన్నా కింది వరసలో చేర్చకూడదు, ఎందుకంటే ఆ రెసిస్టెన్సు ఎంతున్నా ఆ కరెంటు మారదు. ఇలాంటప్పుడు క్రెడిట్ల కిటుకు వాడితే ఆ కరెంటునీ అదే అంకెతో గుణించడం మరవకండి. ఇక ఏ బ్రాంచీలోనైనా రెసిస్టెన్సు లేకుండా వోల్టేజ్ సోర్సొక్కటే ఉంటే లెక్కే అక్కర్లేదు, V ఆ సోర్సు చెప్పినంతే. రెండు మెట్ల మధ్యలోంచి ఇంకో తీగ అడ్డంగా పోతుంటే మాత్రం ఈ సూత్రం ఆ బొమ్మకి పనికిరాదు. ముందు నోడల్ పద్ధతి చేయాల్సిందే.

ఇదంతా పరీక్షల కోసం. ఈ సూత్రం అసలు సత్తా మన వీధిలోనే కనపడుతుంది. ఊళ్లో, కాలనీలో ‘న్యూట్రల్ పోయింది, టీవీలు కాలిపోయాయి’ అన్న మాట విననివాళ్లు తక్కువ. తీగ తెగితే కరెంటు పోవాలి గానీ టీవీలు కాలడమేంటని అడుగుతారు. మిల్‌మన్ లెక్క వేస్తే ఎంత వోల్టేజ్ వచ్చిందో అంకెతో సహా చెప్పొచ్చు.

వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి R, Y, B అనే మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. మీ ఇల్లు ఒక ఫేజు మీద, పక్కిల్లు ఇంకో ఫేజు మీద. ఇళ్ల న్యూట్రళ్లన్నీ ఒకే తీగకి కలుస్తాయి. ఆ తీగే మన ‘పై గీత’. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ‘కింది గీత’. ఒక్కో ఇల్లూ ఒక్కో బ్రాంచీ: 230 వోల్టుల ఫేజు సోర్సు, దానితో సిరీస్‌లో ఆ ఇంటి లోడు. ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయే న్యూట్రల్ తీగ నాలుగో బ్రాంచీ, సోర్సు లేని ఒట్టి రెసిస్టెన్సు. ఇళ్లన్నీ ఒకే 230కి చేసినవి కాబట్టి కండక్టెన్సు వాట్లకి అనుపాతంలో ఉంటుంది. కాబట్టి క్రెడిట్ల చోట నేరుగా వాట్లే వేసుకోవచ్చు.

R మీద ఒక ఇంట్లో గీజరు, 2000 వాట్లు. Y ఇంట్లో 500, B ఇంట్లో 500. న్యూట్రల్ పూర్తిగా తెగింది. పై వరసలో మూడు ఫేజులు 120 డిగ్రీల తేడాతో ఉన్నాయి కాబట్టి మామూలుగా కూడలేం, ఫేజర్లుగా కూడాలి. కానీ ఇక్కడ ఒక సులువుంది. సమానమైన మూడు ఫేజర్లు కలిస్తే సున్నా. R లోని 2000ని 500, 1500గా విడగొట్టండి. ఆ 500, మిగతా రెండు 500లతో కలిసి మాయమైపోతుంది. పై వరసలో R దిశలో 1500 మాత్రమే మిగులుతుంది. కింది వరసలో ఏదీ మాయం కాదు, మొత్తం 3000. కాబట్టి ఇళ్ల న్యూట్రల్ 230 × 1500/3000, అంటే 115 వోల్టులకి, R ఫేజు వైపుకి జరిగిపోయింది.

గీజరు ఇంటికి అందేది 230 − 115 = 115 వోల్టులు. లైట్లు దీపాల్లా మిణుకుమంటాయి. Y ఇంటికి? Y ఫేజర్‌ని విడదీస్తే R దిశలో −115, దానికి లంబంగా 199. అందులోంచి 115 తీసేస్తే R దిశలో −230, లంబంగా 199. రెంటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 304 వోల్టులు. B ఇంట్లోనూ అంతే. 230కి చేసిన టీవీకీ ఫ్రిజ్‌కీ 304. ఎక్కువ లోడు వాడిన ఇల్లు చీకట్లో ఉంటే, పొదుపుగా వాడుకున్న ఇళ్లలో సామాన్లు కాలతాయి!

తర్వాత ఏమవుతుందో కూడా ఇదే సూత్రం చెబుతుంది. Y ఇంట్లో సామాను కాలి సర్క్యూట్ తెగిపోతే Y క్రెడిట్లు సున్నా. అప్పుడు R, B ఇళ్లు రెండు ఫేజుల మధ్య ఉన్న దాదాపు 400 వోల్టులకి అడ్డంగా సిరీస్‌లో మిగులుతాయి. గీజరు ఇంటికి 80, B ఇంటికి 319 వరకు. ఒక ఇల్లు కాలితే తర్వాతి ఇంటికి ఇంకా ఎక్కువ పడుతుందన్నమాట. అలా కాకుండా ముందు గీజరే థర్మోస్టాట్‌తో ఆగిపోయిందనుకోండి. R క్రెడిట్లు సున్నా, Y, B రెండూ సమానం కాబట్టి న్యూట్రల్ ఈసారి R కి ఎదురు దిశలో 115 వోల్టులు జరుగుతుంది. అప్పటిదాకా మిణుకుమంటున్న ఆ ఇంట్లో ప్లగ్గులో ఉన్న ఫోన్ చార్జర్‌కి దాదాపు 345 వోల్టులు పడతాయి. దాని వాట్లు ఎంత తక్కువంటే, న్యూట్రల్‌ని తనవైపు లాక్కునే బలం దానికి లేదు. వోల్టేజ్ తక్కువుందని ఊరికే చూస్తూ కూర్చోకూడదనేది ఇందుకే.

న్యూట్రల్ బాగున్నప్పుడు ఇలా ఎందుకు జరగదు? ఇప్పుడు నాలుగో బ్రాంచీని లెక్కలోకి తెద్దాం. న్యూట్రల్ తీగ 0.5 ఓమ్ అనుకుంటే కండక్టెన్సు 2 సీమెన్సులు. మూడు ఇళ్లదీ కలిపి 3000/52900, అంటే 0.057 మాత్రమే. సోర్సు లేని బ్రాంచీకి ఇన్ని క్రెడిట్లుంటే సగటు సున్నా దగ్గరికి కుంగిపోక తప్పదు. లెక్కేస్తే న్యూట్రల్ 3 వోల్టులే జరుగుతుంది, ఎవరికీ తెలియదు. జాయింట్ వదులై, తుప్పు పట్టి, రెసిస్టెన్సు 20 ఓమ్‌లకి చేరితే? దాని కండక్టెన్సు 0.05కి పడిపోతుంది, ఇళ్లతో దాదాపు సమానమవుతుంది. న్యూట్రల్ 61 వోల్టులు జరిగి, R ఇంటికి 169, మిగతా ఇళ్లకి 266 అందుతాయి. తీగ తెగక ముందే ఈ దశ కనపడుతుంది: ఒకింట్లో మోటారో గీజరో వేసినప్పుడల్లా వాళ్ల లైట్లు తగ్గుతాయి, వేరే ఫేజు మీదున్న పక్కింట్లో లైట్లు వెలుగు పెరుగుతాయి. సప్లై మొత్తం తగ్గితే అందరికీ తగ్గాలి. ఒకరికి తగ్గి ఇంకొకరికి పెరిగిందంటే న్యూట్రల్‌నే అనుమానించాలి.

ఈ అంకెలకి హద్దులూ ఉన్నాయి. గీజరు, ఇస్త్రీపెట్టె లాంటి వాటి రెసిస్టెన్సు పెద్దగా మారదు కాబట్టి వాటితో లెక్క బాగా కలుస్తుంది. ఎల్ఈడీ టీవీ, కంప్యూటర్ లాంటివి వోల్టేజ్ తగ్గితే కరెంటు ఎక్కువ తీసుకుని వాట్లు నిలబెట్టుకుంటాయి. వాటి క్రెడిట్లు వోల్టేజ్‌తో పాటే మారిపోతాయి. అలాంటప్పుడు ఒకసారి V కట్టి, ఆ V దగ్గర కొత్త క్రెడిట్లు వేసి, మళ్లీ కట్టాలి. ఫ్యాన్లు, మోటార్లు ఉంటే కండక్టెన్సు బదులు అడ్మిటెన్సు వాడాలి, దానికీ కోణం ఉంటుంది. ఇళ్ల ఎర్తింగ్ ద్వారా కొంత కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరిగి వెళ్లే దారి ఉంటే అది ఇంకో ఒట్టి రెసిస్టెన్సు బ్రాంచీ, న్యూట్రల్ జరగడాన్ని కాస్త తగ్గిస్తుంది. సూత్రం మాత్రం మారదు.

న్యూట్రల్ తెగిన ఇంట్లో టెస్టర్ ఫేజు రంధ్రంలోనే కాదు, న్యూట్రల్ రంధ్రంలోనూ వెలుగుతుంది. మన లెక్కలో అక్కడున్నది భూమితో పోలిస్తే 115 వోల్టులు. ‘న్యూట్రలే కదా’ అని చేయి పెట్టొద్దు. లైట్లు ఒక్కసారిగా మండిపోయినా, మిణుకుమన్నా ముందు మెయిన్ దించండి, తర్వాత పక్క ఫేజు ఇళ్లవాళ్లకి కేక వేయండి, ఆపైన లైన్‌మన్‌కి ఫోన్ చేయండి. మెయిన్‌లో ఎంసీబీ ఉంది కదా అని ధీమా వద్దు. అది కరెంటు ఎక్కువైతేనే పడుతుంది. 304 వోల్టుల దగ్గర 500 వాట్ల ఇల్లు తీసుకునేది 3 ఆంపియర్లలోపే, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఏ మూలకీ చాలదు. వోల్టేజ్ పెరిగినా తగ్గినా సప్లై తెంచే ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ మెయిన్ దగ్గర విడిగా ఉండాలి.